చదరం షీట్ మూలలు కోసి అష్టభుజి చేస్తే వైశాల్యం ఎంత? (మూడో వంతు దగ్గర మాత్రం కోయకండి)

నమస్తే అండి, అందరూ బాగున్నారా. ఇవాళ బోర్డు లేదు, ఈ రెండు చెక్కలే బోర్డు. రెండూ ప్లైవుడ్డే, ఎనిమిది బై నాలుగు షీట్ ఒకటి పాతపట్నంలో కొని ఆటో మీద కట్టుకొని ఒడిశాలోని పర్లాకిమిడి తెచ్చి, సగానికి కోయిస్తే నాలుగు బై నాలుగు చదరాలు రెండొచ్చాయి. రెండిటికీ నాలుగు మూలలూ కోయించాను, ట్యూషన్ గదికి ఎనిమిది పలకల టేబుల్ కావాలని. ఎడం చేతి వైపుది చూడండి, ఎనిమిది భుజాలున్నాయి కానీ ఏటో తేడాగా ఉంది కదా. అది నా తప్పు. కుడి వైపుది కరెక్టు.

జరిగిందేటంటే, మా వీధి చివర ఒక ఒడియా బొఢేయి, అంటే వడ్రంగి, ఉన్నారు, నేను భాయినా అంటాను, అన్నయ్యా అని, ఆయనకి తెలుగు బాగానే వచ్చు. ఆయన గీత గీయబోతుంటే నేనే లెక్కల మాస్టర్ని కదా అనీసి ముందుకెళ్ళి "భాయినా, 48 అంగుళాలు కదా, మూడు భాగాలు చేసీండి, 16, 16, 16, మూల దగ్గర 16 కొట్టీండి" అన్నాను. ఆయన నా మొహం చూసి "సొబు సొమాన రాదు సార్" అన్నారు, అంటే అన్నీ సమానం రావూ అని, నేను వినలేదు, కోసీసారు. కోసాక టేపు పెట్టి చూస్తే నిలువు అడ్డం భుజాలు 16 అంగుళాలున్నాయి, ఏటవాలు భుజాలు 22 దాటాయి.

ఎందుకంటే మూలలో పోయే ముక్క లంబకోణ త్రిభుజం, దాని రెండు చిన్న భుజాలు 16, 16, కర్ణం 16 కాదు, 16 ఇంటూ రూట్ రెండు, అంటే 22.6. టేబుల్‌కి ఏటవాలుగా కనిపించే భుజం ఆ కర్ణమే. మూలలు నాలుగూ సమానంగానే కోశాం, అయినా క్రమ అష్టభుజి రాలేదు. సమాన త్రిభుజాలు కోయడం ఒక్కటే చాలదు, ఎంత దూరంలో కోస్తున్నామన్నదే అసలు సంగతి.

సరే ఇప్పుడు ఆ దూరం పట్టుకుందాం. మూల నుంచి కోసే దూరం x అనుకోండి. షీట్ ఒక అంచు 48, దాని రెండు చివర్లా x, x పోతే మధ్యలో మిగిలేది 48 − 2x. ఏటవాలు భుజం x√2. ఈ రెండూ ఒకటైతేనే క్రమ అష్టభుజి:

x√2 = 48 − 2x

2x ని ఇటు తెస్తే x(2 + √2) = 48, అంటే x = 48 ÷ 3.4142, వచ్చింది 14.06. మధ్య మిగిలేది 48 లోంచి 28.12 తీస్తే 19.88, అదే అష్టభుజి భుజం.

మేస్త్రీలకి 14.06 అని చెప్తే నవ్వుతారు, టేపు మీద పాయింట్ సున్నా ఆరు ఎక్కడుంటాది? అంగుళానికి ఎనిమిది నూళ్ళు కదా, భాయినా వాళ్ళ భాషలో సుతా అంటారు, అలాగ చెప్తే x అంటే 14 అంగుళాల అర నూలు, భుజం 19 అంగుళాల 7 నూళ్ళు. రెండు x లూ ఒక భుజం కలపండి, 28 అంగుళాల ఒక నూలు, 19 అంగుళాల 7 నూళ్ళు, మొత్తం సరిగ్గా 48. ఇంత చక్కగా పడటం మన అదృష్టం, ప్రతి సైజు షీట్‌కీ ఇలాగ పడదు.

ఇంకో మాట, భాయినాకి ఈ లెక్క ఏదీ అక్కర్లేదు. రెండో చెక్క దగ్గర ఆయన ఏం చేశారంటే, రెండు కర్ణాలు గీసి మధ్య పాయింట్ పట్టుకున్నారు, మూలలో మేకు కొట్టి, మేకుకి దారం కట్టి, దారం చివర పెన్సిల్ సరిగ్గా మధ్య పాయింట్ మీద ఉండేలా పెట్టి, అదే పొడవుతో తిప్పి రెండు అంచుల మీదా గుర్తు పెట్టారు. నాలుగు మూలల్లోనూ అలాగే, మొత్తం ఎనిమిది గుర్తులు, అంతే, అవే కోత పాయింట్లు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. (ఇక్కడ దారం దగ్గరగా చూపించు తమ్ముడూ... ఇంకా దగ్గరికి రా, ఆ మేకు కనపడాలి.)

అది ఎందుకు పనిచేస్తాదో చూడండి. కర్ణం 48√2, దాంట్లో సగం 33.94. మూల నుంచి 33.94 దగ్గర గుర్తు పడితే అవతలి మూలకి మిగిలేది 48 − 33.94, అంటే 14.06. మన x యే! పైన x = 48 ÷ (2 + √2) అని రాశాం కదా, దాని హారాన్ని అకరణీకరణం చేస్తే 48 − 24√2 వస్తాది, 24√2 అంటే సగం కర్ణం. బడిలో ఎందుకో తెలీకుండా చేసిన అకరణీకరణం ఈ దారం ముక్కేనన్నమాట.

ఇప్పుడు వైశాల్యం. మా పిల్లలు స్కూల్లో ఒడియా మీడియం, వాళ్ళకిది క్షేత్రఫళ, ఇంట్లో మనకి వైశాల్యం, ఏ పేరైనా లెక్క ఒకటే, మొత్తం షీట్‌లోంచి పోయిన ముక్కలు తీసీడమే. ఒక్కో త్రిభుజం x²/2, నాలుగూ కలిపి 2x². ఇది ఎవరైనా చెప్తారు గానీ, నాకు నచ్చింది ఇది కాదు. పోయిన ముక్కలు పారీయకండి, ఇలాగ ఇవ్వండి.

ఇదిగో నాలుగు తుక్కు ముక్కలు. లంబకోణాలన్నీ మధ్యకి తిప్పి పక్కపక్కనే పెడుతున్నాను. ఒకటి... రెండు... మూడు... ఇది కొంచెం జరపాలి... నాలుగు. ఏటొచ్చింది? ఒక చదరం. దాని భుజం ఏది? త్రిభుజం కర్ణం. కర్ణం అంటే? అష్టభుజి భుజమే! ఈ చదరాన్ని టేబుల్ అంచుకి ఆనిస్తే చూడండి, భుజానికి భుజం సరిపోయింది, బ్లేడు తిన్న పిసరంత తేడా తప్ప. అంటే తుక్కంతా కలిపితే అష్టభుజి భుజం మీద ఒక చదరం. షీట్ భుజం a, అష్టభుజి భుజం s అనుకుంటే:

వైశాల్యం = a² − s²

48 ఇంటూ 48, 2304. 19.88 ఇంటూ 19.88, దాదాపు 395. తీసీస్తే 1909 చదరపు అంగుళాలు. 144తో భాగిస్తే 13.25 చదరపు అడుగులు. షీట్ 16 చదరపు అడుగులు కదా, 2.75 తుక్కు కింద పోయింది. పైన సన్‌మైకా వేయించాలంటే పని అయ్యేది 13.25 కే గానీ కొనేది మాత్రం కనీసం 16 కి, షాపోడు అష్టభుజి కోసి ఇవ్వడు కదా.

ఇంకా పొట్టి ఫార్ములా ఒకటుంది, వైశాల్యం = 2as. 2 ఇంటూ 48 ఇంటూ 19.88, 1908 పైచిలుకు, అదే జవాబు. కానీ జాగ్రత్త, ఇది క్రమ అష్టభుజికే. నేను పాడుచేసిన చెక్క మీద వేసి చూడండి, 2 ఇంటూ 48 ఇంటూ 16, 1536 వస్తాది, తప్పు. దాని అసలు వైశాల్యం తీసివేతతో వస్తాది, 2304 లోంచి 2 ఇంటూ 256 తీస్తే 1792, అంటే 12.44 చదరపు అడుగులు. పోయిన ముక్కల తీసివేత ఏ కోతకైనా పనిచేస్తాది, పొట్టి ఫార్ములా భుజాలన్నీ సమానమైనప్పుడే. పరీక్షలో "సమాన త్రిభుజాలు కోశారు" అని ఊరుకొని క్రమ అష్టభుజి అని చెప్పకపోతే 2as ముట్టుకోకండి.

కోసేటప్పుడు చెడేది ఎక్కడో కూడా చెప్పీస్తాను, ఎందుకంటే లెక్క కరెక్టుగా ఉండి కూడా టేబుల్ వంకరొస్తాది. మొదటిది, షీట్ నిజంగా చదరమేనా చూసుకోండి. రెండు కర్ణాలూ కొలవండి, మన సైజుకి రెండూ 67 అంగుళాల 7 నూళ్ళ దగ్గర రావాలి, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ వస్తే షీట్ వాలిపోయి ఉన్నట్టు, ముందది సరిచేయాలి.

రెండోది, గుర్తు పెట్టడంలో తప్పు పెరిగిపోద్ది. అన్ని మూలల్లోనూ x ఒక నూలు ఎక్కువ కొట్టారనుకోండి, నేరు భుజం రెండు వైపులా కలిపి రెండు నూళ్ళు తగ్గుతాది, ఏటవాలు భుజం నూలున్నర దాకా పెరుగుతాది, రెండిటికీ తేడా మూడున్నర నూళ్ళ దగ్గరికొచ్చింది. చేసిన తప్పు ఒక్క నూలు, కంటికి కనపడే తేడా దాదాపు అర అంగుళం. విచిత్రం ఏంటంటే వైశాల్యం మాత్రం పెద్దగా మారదు, 1909 లో ఓ ఏడు చదరపు అంగుళాలు పోతాయి అంతే. అందుకే వైశాల్యం సరిపోయింది కదా అని కోత సరిపోయిందనుకోకూడదు.

మూడోది బ్లేడు. రంపం బ్లేడు కూడా ఓ నూలు మందం తినేస్తాది, గీతకి లోపలి వైపు నడిపితే x లెక్క మొత్తం జరిగిపోద్ది, గీత టేబుల్ వైపు మిగలాలి, బ్లేడు తుక్కు వైపు పడాలి. భాయినా పెన్సిల్ గీత పక్కనే తుక్కు వైపు అడ్డ గీతలు కొట్టీది అందుకే, ఏది పోయే ముక్కో మర్చిపోకుండా.

కోశాక చూసుకోవడానికి టేపు ఒకటి చాలు. ఎదురెదురు అంచుల మధ్య దూరం నాలుగు వైపులా కొలవండి. షీట్ అంచుల మధ్య ఎలాగూ 48 ఉంటాది, ఏటవాలు అంచుల మధ్య కూడా 48 రావాలి. కుడి వైపు చెక్క... ఇదిగో, 48. నాది... 45 అంగుళాల రెండు నూళ్ళు. సరే సరే, నవ్వకండి.

ఒక్కోసారి లెక్క తిరగేసి ఇస్తారు, షీట్ చెప్పరు, అష్టభుజి భుజం చెప్తారు. అప్పుడు a = s + s√2, అంటే a = 2.414 s, ఎందుకంటే నేరు భుజం ఒక s, రెండు x లూ కలిపి s√2. దీన్ని 2as లో పెడితే 4.828 s². భుజం ఒక అడుగు కావాలంటే షీట్ రెండడుగుల అయిదంగుళాలు తీసుకోవాలి, టేబుల్ 4.83 చదరపు అడుగులు వస్తాది. భాయినా చిన్న స్టూలు ఒకటి చేసిస్తానన్నారు, దానికి ఈ సైజే చెప్పాను, ఈసారి గీతలు మాత్రం ఆయనే గీస్తారంట. కెమెరా ఆపీ తమ్ముడూ.