సాక్ష్యం ఎక్కడ ఆగాలి, నిర్ధారణ ఎక్కడ మొదలవ్వాలి

అందరికీ నమస్కారం. విచారణ నివేదికలో ఒక్క చోటు గురించే ఈరోజు మాట్లాడతాను. సాక్ష్యం రాస్తున్నామనుకుంటూ, మనకు తెలియకుండానే తీర్పు రాసేసే చోటు అది.

ఒక ఊహాత్మక ఫిర్యాదు తీసుకుందాం. సమీక్షా సమావేశంలో అధికారి ఫైలు విసిరికొట్టి, "నీకు ఈ పని చేతకాదు" అని అందరి ఎదుటా అన్నారని ఒక ఉద్యోగిని ఆరోపించారు. ఫైలు బల్ల మీద పెట్టాను తప్ప విసరలేదని, ఆ మాట అననే లేదని అధికారి బదులిచ్చారు. మొదటి సాక్షి ఆ మాట విన్నారు కానీ, ఆ క్షణంలో తెర వైపు చూస్తున్నందువల్ల ఫైలు సంగతి చూడలేదన్నారు. రెండో సాక్షి ఫోను మాట్లాడి లోపలికి వచ్చేసరికి ఉద్యోగిని ఏడుస్తున్నారు. సమావేశం ముగిసిన 20 నిమిషాలకు ఆమె సహోద్యోగికి పంపిన సందేశంలో ఆ మాట యథాతథంగా ఉంది. ఫైలు ప్రస్తావన లేదు.

సాక్ష్యాల భాగంలో ఉండవలసింది ఇంతే. "అధికారి ఆ మాట అనలేదని బుకాయించారు" అని రాస్తే, ఆ ఒక్క క్రియతో నిర్ధారణ ముందే జరిగిపోయినట్టు. "చెప్పారు" అన్న పదం చప్పగా ఉంటుంది నిజమే, కానీ ఇరుపక్షాలకూ అదే వాడాలి. రెండో సాక్షి చూసింది కన్నీళ్లను మాత్రమే. వాటి కారణాన్ని ఆయన వాంగ్మూలంలోకి మనం చేర్చకూడదు.

నిర్ధారణలో ఆరోపణను రెండుగా విడదీయాలి. ఇలాంటి అంతర్గత విచారణల్లో సాధారణంగా చూసేది ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందన్నదే. మాట విషయంలో ప్రత్యక్షంగా విన్న సాక్షి, వెంటనే పంపిన సందేశం ఒకదానికొకటి బలమిస్తున్నాయి కనుక అది అన్నట్టే నిర్ధారించవచ్చు. అధికారి నిరాకరణను ఎందుకు అంగీకరించలేదో కూడా అక్కడే రాయాలి. ఫైలు విషయంలో ఒకరి మాటకు ఎదురుగా మరొకరి మాట తప్ప ఇంకేమీ లేదు. సందేశంలో దాని ఊసు లేకపోవడం దానంతటదే ఆరోపణను తప్పని తేల్చదు. కాబట్టి "రుజువు కాలేదు" అని రాయాలి. "అబద్ధం" అని రాయడానికి ఆధారం లేదు.

సిఫార్సులు రాయమని బాధ్యత అప్పగించినప్పుడే వాటిని రాయాలి. శిక్ష నిర్ణయించే అధికారం మరొకరిదైతే దాని జోలికి పోకూడదు. నేను చిత్తుప్రతి సరిచూసేటప్పుడు ప్రతి సిఫార్సు పక్కన అది ఏ నిర్ధారణ నుంచి వచ్చిందో దాని సంఖ్య రాసుకుంటాను. "ఇకపై వస్తువులు విసరకుండా అధికారిని హెచ్చరించాలి" అన్న వాక్యం పక్కన ఏ సంఖ్యా రాయలేం, ఎందుకంటే రుజువు కాని ఆరోపణే అక్కడ సలహా వేషంలో తిరిగి వచ్చింది. ఆ వాక్యాన్ని కొట్టివేయాలి.