కాగితం వెనక్కి తిప్పి చూడండి

శ్రోతలకు నమస్కారం. పుట్టిన బిడ్డ మడమలో చిన్నగా గుచ్చి, మందపాటి కాగితం మీద నాలుగైదు చోట్ల రక్తపు చుక్కలు పట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. పైకి కనబడని థైరాయిడ్ లోపం లాంటివి ఆ చుక్కలోనే బయటపడతాయి. ఇవాళ ఆ చుక్క గురించే మాట్లాడుకుందాం.

ముందు వేళ సంగతి. థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డలో టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. కానీ పుట్టగానే ప్రతి బిడ్డలోనూ అది ఒక్కసారిగా పెరిగి, తర్వాత మెల్లగా దిగుతుంది. మొదటి 24 గంటల్లోపు రక్తం తీస్తే జబ్బు లేని బిడ్డకూ ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి ఒక రోజు నిండాకే తీయాలి, 48 గంటలు దాటితే ఇంకా మంచిది. బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే మాత్రం ఆగకూడదు. ఎక్కించకముందే తీయాలి. లేకపోతే కొన్ని పరీక్షల్లో దాత రక్తం ఫలితమే వస్తుంది.

ఇక చుక్క. మడమను గోరువెచ్చని తడిగుడ్డతో మూడు నుంచి ఐదు నిమిషాలు కాపాలి. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి, తడి ఉంటే రక్తం పలచబడుతుంది. గుచ్చేది మడమ కింది భాగంలో, అటు అంచునో ఇటు అంచునో. నడిమధ్యన వద్దు, అక్కడ ఎముక దగ్గరగా ఉంటుంది. లోతు రెండు మిల్లీమీటర్లు మించకూడదు. మొదటి చుక్క తుడిచేయాలి. రెండోది దానంతట అది పెద్దదయ్యేదాకా ఓపిక పట్టాలి. పిండితే రక్తంతో పాటు ఒంట్లోని నీరూ వచ్చేస్తుంది.

ఆ పెద్ద చుక్కకు కాగితాన్ని ఒక్కసారి తాకించాలి. ఒక్కసారే, ఒకవైపు నుంచే. గీసిన వలయం నిండి, రక్తం కాగితం వెనకవైపుకు దిగాలి.

ఎందుకింత పట్టింపు? ల్యాబ్‌లో ఆ మరకలోంచి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు బిళ్ళ ఒకటి కత్తిరిస్తారు. ప్రతి బిళ్ళలో ఇంత రక్తం ఉంటుందన్న లెక్క మీదే పరీక్షంతా నడుస్తుంది. ఉదాహరణకు, ఒక ల్యాబ్ టీఎస్‌హెచ్ 20 దాటితే బిడ్డను పిలిపిస్తుందనుకుందాం. మన బిడ్డకు నిజంగా ఉన్నది 22. కానీ చుక్క చాలక రక్తం పైపైనే ఉండి, బిళ్ళలో పావు వంతు తగ్గింది. యంత్రం పదహారున్నర చూపిస్తుంది. కాగితం మీద ఆ బిడ్డకు ఏ లోపమూ లేనట్టే! చాలలేదని చుక్క మీద చుక్క వేస్తే దీనికి తలకిందులు, లేని జబ్బు కనబడుతుంది. నన్నడిగితే మొదటిదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆ బిడ్డను మళ్ళీ ఎవరూ పిలవరు.

తీశాక కార్డును బల్లపరుపుగా, నీడన, కనీసం మూడు గంటలు ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, తడిగా కవర్లో వేయకూడదు.

కార్డు పంపే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. ముందెలా ఉందో వెనకా అలాగే ఉండాలి. వెనక తెల్ల మచ్చలుంటే ఆ చుక్క పనికిరాదు. దాని మీద ఇంకో చుక్క వేయకుండా, ఖాళీగా ఉన్న మరో వలయంలో కొత్తగా పట్టండి.