దుభాషి ‘నేను’ అంటే ఎవరు?

వ్యాఖ్యాత: నమస్కారం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల సభల్లో, ఇంగ్లీషులో మాట్లాడే నిపుణుల మాటలను తెలుగులో చెప్పే దుభాషి ఈరోజు మనతో ఉన్నారు. సభ మొదట్లో పరిచయానికి రెండు నిమిషాలు కావాలని పట్టుబడతారట, ఎందుకండీ?

దుభాషి: ఆ రెండు నిమిషాలు లేక ఒక సభ గాడి తప్పిందండి. వక్తను మాత్రమే పరిచయం చేసి మైకు ఇచ్చేశారు. రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చి తన మొదటి చెరువు మొత్తం పోయిందని ఆయన చెప్పారు. నేను “నా మొదటి చెరువు మొత్తం పోయింది” అన్నాను. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, “అయ్యో, ఏ ఊళ్లోనమ్మా మీ చెరువు?” అని అడిగారు.

వ్యాఖ్యాత: “ఆయన చెరువు” అనవచ్చు కదా?

దుభాషి: అంటే, కాసేపటికే చిక్కు వస్తుందండి. “ఆయన మందు వేయమన్నారు” అన్నాననుకోండి. వేయమన్నది వక్తా, వక్త కథలోని మందుల వ్యాపారా? అందుకే ఆయన ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనే అంటాను. ఆ సంగతి రైతులకు ముందే తెలియాలి.

వ్యాఖ్యాత: మరి పరిచయం ఎలా ఉండాలి?

దుభాషి: ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఇలా చెప్పాలి: “వీరు వక్త, వీరు దుభాషి. వక్త రెండు మూడు వాక్యాలు చెప్పి ఆగుతారు, అప్పుడు దుభాషి తెలుగులో చెబుతారు. దుభాషి ‘నేను’ అంటే అది వక్త మాట. ప్రశ్న వక్తను చూస్తూ అడగండి. ‘ఆయన్ని ఇలా అడగమ్మా’ అనవద్దు.” ఈ మాటలను నేను అక్కడే ఇంగ్లీషులో వక్తకు చెబుతాను. దాంతో పద్ధతి ఎలా సాగుతుందో అందరూ కళ్లారా చూస్తారు, ఎక్కడ ఆగాలో వక్తకూ అర్థమవుతుంది. గంట సభలో ఆయనకు దక్కేది అరగంటే అని నిర్వాహకులు ముందే చెప్పి ఉండాలి.

వ్యాఖ్యాత: మీరు సొంతంగా ఏమీ కలపరా?

దుభాషి: ఒక్కటి కలుపుతాను, దాన్నీ పరిచయంలోనే ప్రకటించమంటాను. వక్త చదరపు మీటరుకు 30 రొయ్య పిల్లలు అంటారు. మన రైతు లెక్క ఎకరంలో ఉంటుంది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, కాబట్టి ఎకరానికి దాదాపు 1,20,000 పిల్లలు. ముందు ఆయన అంకె చెప్పి, తర్వాత “ఎకరం లెక్కన” అని రెండోది చెబుతాను. ఆ అంకెలను సభకు ముందే వక్తతో కూర్చుని సరిచూసుకుంటాను. సరిచూసుకోని అంకె మధ్యలో వస్తే లెక్క కట్టను. ఆయన్నే ఆపి, “ఎకరానికి ఎంతవుతుంది?” అని అడుగుతాను. అలా అడిగానని సభకూ తెలుగులో చెబుతాను.