పదిహేడు స్క్రీన్‌షాట్లు

అధ్యక్షులకు, తోటి వ్యాపారులకు నమస్కారం. నాకిచ్చింది ఐదు నిమిషాలే, అందుకని మర్యాదలు భోజనాల దగ్గర చూసుకుందాం.

నేను మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. పోయినేడాది న్యూజెర్సీలో ఒకావిడ మూడు చీరలు కొన్నారు, మొత్తం 14,600 రూపాయలు. "అందాయండీ, నీలంది అమ్మకి బాగా నచ్చింది" అని వాట్సాప్‌లో పెట్టారు కూడా. నలభై రోజులకి, సరుకే అందలేదని బ్యాంకులో ఫిర్యాదు చేశారు. డబ్బు నా ఖాతాలోంచి వెనక్కి పోయింది, పైన ఫీజు కూడా కోశారు.

ఆ రాత్రి పదకొండింటికి కూర్చుని బ్యాంకుకి జవాబుగా మూడు పేజీలు రాశాను. "ఇది పచ్చి మోసం" అని మొదలుపెట్టి, మా అత్తగారి కాలం నుంచీ మా నిజాయితీ అంతా ఏకరువు పెట్టాను. పదిహేడు స్క్రీన్‌షాట్లు, కొరియర్ లింకు, చీరల ఫొటోలు, మా రిఫండ్ నియమాలు జతచేశాను. ఓడిపోయాను. మీలో ఇలా ఎంతమంది రాశారో చేతులెత్తండి. చూశారా!

బ్యాంకు పంపిన నోటీసు మీద ఫిర్యాదు కారణం కోడ్ 13.1 అని ఉంది. వీసా కార్డుల లెక్కలో దానర్థం సరుకు అందలేదని. వాళ్లు అడిగింది అదొక్కటే. చీర నాణ్యత, రిఫండ్ నియమాలు దానికి జవాబు కావు. చూసేవాళ్లు లింకులు తెరవరు. తెలుగు వాట్సాప్ మెసేజ్‌ని అనువాదం లేకుండా పంపితే అమెరికాలో ఎవరు చదువుతారండీ?

తర్వాత డాలస్ నుంచి ఇంకో ఆవిడ అలాంటి ఫిర్యాదే చేశారు. ఈసారి ఒక్క పేజీ రాశాను. మొదటి వాక్యంలోనే ఆర్డర్ నంబరు, మొత్తం, అందిన తేదీ పెట్టాను. ట్రాకింగ్ పేజీలో ఊరి పేరే కనిపిస్తుంది, అది చాలదు. కొరియర్ వాళ్లని అడిగి, పూర్తి చిరునామా, సంతకం ఉన్న డెలివరీ రుజువు తెప్పించాను. పక్కనే అదే చిరునామా ఉన్న ఆర్డర్ కాపీ. ఆ తర్వాత అనువాదంతో ఆవిడ మెసేజ్, ఆ ఫోన్ నంబరే ఆర్డర్‌లోనూ ఉందని చూపిస్తూ. "ఆవిడ అబద్ధమాడుతున్నారు" అన్నది కొట్టేసి, "సరుకు అందలేదని కార్డుదారు అంటున్నారు. జూన్ 9న ఆర్డర్‌లోని చిరునామాకే అందినట్టు 2వ పేజీలో ఉంది" అని రాశాను. మామూలుగా ఒకసారి పంపాక దిద్దనివ్వరు. అందుకని రాత్రి రాసింది పొద్దున్నే మళ్లీ చదివి పంపాను. డబ్బు తిరిగొచ్చింది.

అదే కోడ్ 10.4 అయితే, అంటే కార్డు వాడింది తాను కాదని కార్డుదారు అంటే, ఈ డెలివరీ రుజువొక్కటే సరిపోదు. కొన్నది ఆవిడేనని చూపించాలి. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, అది ఇంకోసారి.

చెప్పడం మరిచాను. న్యూజెర్సీ ఆవిడ వాళ్ల అమ్మగారు నీలం చీర కట్టుకున్న ఫొటో కూడా పంపారు. పదిహేడు స్క్రీన్‌షాట్లు పెట్టాను గానీ, పెద్దావిడ ఫొటో బ్యాంకుకి పంపడానికి చెయ్యి రాలేదు. ఇప్పటికీ ఫోన్‌లోనే ఉంది.