మామ్మ ఎక్కడ ఆగింది?

శ్రోతలకు నమస్కారం. మా పర్లాకిమిడిలో నౌపడా, గుణుపురం మధ్య నడిచిన చిన్న రైలు మీకు గుర్తుండే ఉంటుంది. 2004లో ఆగిపోయిన నేరోగేజ్ బండి. దాని గురించి పెద్దవాళ్ళు చెప్పే కబుర్లు రికార్డు చేసి పంపమని తెలిసినవాళ్ళని అడిగాం. చాలానే వచ్చాయి, అందులో రెండింటి గురించే ఈ పూట చెబుతాను. ఏది నోటిమాటో, ఏది రాసింది చూసి చదివిందో ఎలా పోల్చుకోవాలో చూద్దాం.

మొదటిది కాశీనగర్‌లో ఒక పెద్దమ్మ చెప్పింది. వినండి, ఉన్నదున్నట్టు చదువుతున్నాను. "నాను... నాకు పదేళ్ళుంటాయి అప్పుడు. మా నాన్న పర్లాకిమిడిలో, కాదు కాదు, కాశీనగర్‌లోనే ఎక్కించినాడు. దాంట్లో... అదేటి... ట్రంకుపెట్టెలో అరిసెలెట్టింది, మాయమ్మ."

రెండోది ఇంకో మామ్మది, మనవడు పంపాడు. "అంటే... ఆ రోజుల్లో రైలు ప్రయాణం మాకొక, ఏమంటారు, మధురమైన అనుభూతి. అదీ... చుట్టూ పచ్చని పొలాలు, కూ అంటూ వచ్చే చిన్న రైలు. మరి... అది మాకు బండి కాదు, ఒక జీవితం."

రెండింట్లోనూ తడబాటు ఉంది కదా? లెక్కపెడితే రెండోదాంట్లోనే ఒకటి ఎక్కువ. అందుకే లెక్కపెట్టకండి. తడబాటు ఎన్నిసార్లు వచ్చిందని కాదు, ఎక్కడ వచ్చిందో చూడండి.

పెద్దమ్మ "నాను" అని మొదలెట్టి "నాకు" అని మార్చుకుంది. ఎందుకంటే మన భాషలో "పదేళ్ళుంటాయి" అనాలంటే "నేను" పనికిరాదు, "నాకు" కావాలి. కానీ ఆ క్రియ వచ్చేది వాక్యం చివర. నోరు తెరిచేటప్పటికి చివర ఏమొస్తుందో ఆవిడకే తెలీదు, తెలిశాక వెనక్కొచ్చి సర్దుకుంది. అలాగే "దాంట్లో... అదేటి... ట్రంకుపెట్టెలో" అన్న ముక్క చూడండి. వస్తువు పేరు నాలిక మీదికి రాలేదు, కానీ "లో" మాత్రం ముందే వచ్చేసింది! పేరు దొరక్కముందే దాని విభక్తి సిద్ధంగా ఉంది. ఇది నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను, పదిసార్లు విన్నాను.

1983లో లెవెల్ట్ అనే డచ్ పరిశోధకుడు ఇలాంటి సర్దుబాటులో మూడు ముక్కలుంటాయని చూపించాడు. తప్పిన మాట, ఆగే మాట, దిద్దిన మాట. "పర్లాకిమిడిలో", "కాదు కాదు", "కాశీనగర్‌లోనే". మూడూ ఉన్నాయి. దిద్దాక ఊరు మారింది, అంటే విషయమే మారింది.

రెండోదాంట్లో ఏం మారింది? ఏమీ మారలేదు. "ఏమంటారు" అని వెతికి వెతికి దొరికించుకున్న మాట "మధురమైన అనుభూతి". అదేమన్నా దొరకని మాటా, పెళ్ళి వీడియోలో కూడా ఉంటుంది! మనం మామూలుగా ఆగేది పేరు దగ్గర, అంకె దగ్గర, తర్వాతి మాట ఎలా ఎత్తుకోవాలో తేలని చోట. మా వైపు మనుషులైతే అక్కడ ఒడియా "మానే" కూడా వేస్తారు, మన "అంటే" లాగానే.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటే. పెన్సిలు తీసుకుని ఆ "అంటే", "అదీ", "మరి"లను కొట్టేయండి. రెండోదాంట్లో కొట్టేస్తే నున్నటి వ్యాసం మిగులుతుంది. పెద్దమ్మ మాటలో కొట్టేసినా "అప్పుడు" క్రియ తర్వాతే ఉంటుంది, "మాయమ్మ" వాక్యం అయిపోయాక వచ్చి కూర్చుంటుంది. అది నోటిమాట కట్టుబడి, పైన చల్లిన మసాలా కాదు.

ఇది అన్నిచోట్లా పనిచెయ్యదు. హరికథ చెప్పేవాళ్ళు అసలు తడబడరు. నోటిమాట విని రాసేవాళ్ళు కూడా తడబాట్లన్నీ ఏరేసి నీటుగా రాసి పంపుతారు. నాలుగు వాక్యాలు చూసి ఎవరి మీదా నింద వెయ్యకండి, వీలైతే రికార్డింగ్ వినండి. కాగితం చూసి చదివేవాళ్ళూ తడబడతారు, కాకపోతే "పొలాలు"ని "పూలు" అని చదివి, నాలిక్కరుచుకుని, మళ్ళీ కాగితంలో ఉన్న మాటకే వస్తారు. విషయం మారదు.

మనవణ్ణి అడిగాను. "మామ్మ మాట్లాడనంది సార్, ఫోన్‌లో ఏఐ చేత రాయించి చదివించాను" అన్నాడు. నడుమ నడుమ "అంటే", "అదీ" వెయ్యమని కూడా అడిగాడట. కోపం రాలేదు నాకు, వాడి టెన్షన్ వాడిది. కానీ రికార్డింగ్ ఆపడం మర్చిపోయాడు. చదవడం అయిపోయాక మామ్మ గొంతు ఇంకా ఉంది. "అయిపోయిందేట్రా? ఆ బండిలో నా సెప్పొకటి పడిపోయింది తెలుసా, టెక్కలి... కాదు, టెంబూరు దాటినాక. ఎడం కాలిది."

మామ్మ రికార్డింగ్‌లోంచి మేం ప్రసారం చేసింది ఆ ముక్కే.