పోర్టల్‌లో మన రూము రేటు మనకు తెలియకుండా తగ్గితే వాళ్లకు ఏమని రాయాలి?

"అండీ, మాది తిరుపతి బస్టాండు దగ్గర చిన్న హోటల్. చానల్ మేనేజర్‌లో అన్ని పోర్టళ్లకూ రేటు 2,800 అనే ఉంది. కానీ ఒక పోర్టల్ యాప్‌లో మాత్రం 2,268 కనిపిస్తోంది. మిగతా పోర్టల్ వాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. మేము ఏమని మెసేజ్ పెట్టాలి?"

మెసేజ్ రాసే ముందు ఒక లెక్క చూడండి. 2,800లో 10 శాతం తీస్తే 2,520. దాంట్లో మళ్లీ 10 శాతం తీస్తే సరిగ్గా 2,268. కాబట్టి అక్కడ రెండు తగ్గింపులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని అనుకోవచ్చు. ఎక్కువగా ఒకటి మొబైల్ రేటు, రెండోది మెంబర్ల రేటు అయి ఉంటుంది. ఎప్పుడో సీజన్ లేని రోజుల్లో "ఈ ఆఫర్‌లో చేరండి" అన్నప్పుడు ఒక క్లిక్‌తో ఒప్పుకుని మర్చిపోయినవే ఇలా పేరుకుంటాయి.

చానల్ మేనేజర్‌లో ఇది ఎందుకు కనపడదంటే, ఆ సాఫ్ట్‌వేర్ పోర్టళ్లకు పంపేది మూల రేటు మాత్రమే. ఆఫర్లు ఆ పోర్టల్ హోటళ్లకు ఇచ్చే లాగిన్‌లో, అంటే ఎక్స్‌ట్రానెట్‌లో, విడిగా ఉంటాయి. అందుకే చానల్ మేనేజర్ చూసి "మా రేటు అన్నిచోట్లా ఒకటే" అంటే అది సగం నిజమే. ఎక్స్‌ట్రానెట్‌లో ప్రమోషన్ల పేజీ తెరిచి, ఏవి ఆన్‌లో ఉన్నాయో ఒక్కొక్కటీ చూడాలి.

ఇక్కడే ఇంకోటి తేల్చుకోవాలి. ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి పోతోంది? ఆ పోర్టల్ నుంచి వచ్చిన తాజా బుకింగ్ వోచర్ తెరవండి. అందులో రూము రేటు 2,268 అని ఉండి, దాని మీదే కమిషన్ లెక్కగట్టి ఉంటే, తగ్గింపు పోతున్నది మీ జేబులోంచే. కమిషన్ 18 శాతం అనుకుందాం. ట్యాక్సులు పక్కన పెడితే మీకు మిగిలేది సుమారు 1,860. పూర్తి రేటుకు అమ్ముడైతే 2,296 మిగిలేది. రూముకు రాత్రికి 436 రూపాయలు పోయినట్టే. అలా కాకుండా వోచర్‌లో 2,800కే లెక్క ఉండి, గెస్టు మాత్రం తక్కువ కట్టాడంటే, పోర్టల్ తన కమిషన్‌లోంచి తగ్గిస్తోంది. ఈ రెంటికీ మెసేజ్ ఒకటి కాదు.

సాక్ష్యం సరిగ్గా ఉండాలి. ఒకే తేదీ, ఒకే రూము, ఇద్దరు మనుషులు, టిఫిన్ ఉందా లేదా, క్యాన్సిలేషన్ షరతు, ఇవన్నీ రెండు చోట్లా ఒకేలా పెట్టి చూడండి. లాగిన్ లేకుండా ఒకసారి, లాగిన్ అయి ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి, ఫోన్లో ఒకసారి స్క్రీన్‌షాట్ తీయండి. ఒక చోట ట్యాక్సుతో కలిపి, ఇంకో చోట ట్యాక్సు లేకుండా ఉన్న రేట్లను పోల్చి గొడవపడితే మన మాటకు విలువ పోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

తగ్గింపు మీదే అని తేలితే, మెసేజ్ ఇలా పెట్టండి:

"నమస్కారం. మా ప్రాపర్టీ ఐడీ ఇది. రూము డీలక్స్ ఏసీ డబుల్, ఇద్దరికి, టిఫిన్ లేకుండా, ఉచిత క్యాన్సిలేషన్. ఫలానా తేదీకి మేము పంపిన రేటు 2,800. ఈరోజు ఉదయం 10 గంటలకు మీ యాప్‌లో 2,268 కనిపించింది. స్క్రీన్‌షాట్లు జతచేశాం. మొబైల్ తగ్గింపు, మెంబర్ తగ్గింపు రెండూ కలిసి పడుతున్నాయి. మొబైల్ తగ్గింపు తీసేయండి. మెంబర్ తగ్గింపు 10 శాతం మాత్రం ఉంచండి. బ్రహ్మోత్సవాల తేదీలకు ఏ తగ్గింపూ వర్తించకూడదు. ఇప్పటికే అయిన బుకింగులకు పాత రేటే ఇస్తాం. మార్పు ఎప్పటినుంచి అమల్లోకి వస్తుందో రాసి పంపగలరు."

పాత బుకింగుల గురించిన ఆ వాక్యం వదిలేయకండి. దర్శనం టికెట్టు చూసుకుని, దాన్ని బట్టి రూము బుక్ చేసుకున్న కుటుంబం బ్యాగులతో రిసెప్షన్ ముందు నిలబడినప్పుడు "ఆ రేటు పొరపాటు" అనడం న్యాయం కాదు. బ్రహ్మోత్సవాల మాట కూడా అవసరమే. గరుడ సేవ ముందురోజు, ఆ రోజు తిరుపతిలో రూము దొరకడమే కష్టం. అప్పుడు తగ్గింపు ఇచ్చి మీరు సంపాదించేదేమీ లేదు.

తగ్గింపు పోర్టల్‌దే అయితే "తీసేయండి" అని ఆజ్ఞాపించలేరు, అడగగలరు అంతే. "మా రేటు కంటే తక్కువ చూపిస్తే మిగతా భాగస్వాములతో మాకు ఇబ్బంది, ఈ తేదీలకు మీ తగ్గింపు ఆపగలరా?" అని అడగండి. ఒప్పుకోకపోతే, మీ చేతిలో ఉన్నది ఆ పోర్టల్‌కు ఇచ్చే రూముల సంఖ్య. అయితే దాన్ని తగ్గించే ముందు మీ ఒప్పందంలో రూముల సంఖ్య, రేట్ల షరతులు చదవండి. ఇలాంటి షరతుల మీదే 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్, గోఐబిబోలకు 223.48 కోట్ల జరిమానా వేసి, వాటిని మార్చమని ఆదేశించింది.

ఇక కోపంలో మూల రేటును 3,100కి పెంచేయకండి. చానల్ మేనేజర్ దాన్ని అన్ని పోర్టళ్లకూ పంపుతుంది. తగ్గింపు లేని చోట మీ రూము పక్క హోటల్ కంటే ఖరీదుగా కనబడుతుంది.

జవాబు వచ్చిన మరునాడు అవే నాలుగు స్క్రీన్‌షాట్లు మళ్లీ తీయండి. లాగిన్ లేకుండా 2,800, మెంబర్‌కు 2,520 కనబడితే పని అయినట్టు. ఫోన్లో ఇంకా 2,268 ఉంటే, అదే మెయిల్ కిందే కొత్త స్క్రీన్‌షాట్ పెట్టి మళ్లీ పంపండి.