లాచ్ నుంచి రిపుల్ కౌంటర్ దాకా

అందరికీ నమస్కారం. ఇవాళ ఈ తిరుపతి హాల్లో ఎక్కువమంది ఇంజనీరింగ్ రెండో ఏడాది పిల్లలే కాబట్టి, మీ ముందున్న 7400 చిప్పుతోనే మొదలుపెడతాను. అందులో నాలుగు నాండ్ గేట్లుంటాయి.

రెండు గేట్లు తీసుకుని ఒకదాని అవుట్‌పుట్‌ను ఇంకోదాని ఇన్‌పుట్‌కు కలిపితే ఎస్‌ఆర్ లాచ్. మిగిలిన రెండు ఇన్‌పుట్లను మామూలుగా 1లో ఉంచుతాం. సెట్ వైపు ఒక్క క్షణం 0 ఇస్తే క్యూ 1 అయి, అలాగే ఉండిపోతుంది. రెండింటికీ 0 ఇచ్చి ఒకేసారి వదిలితే మాత్రం ఎటు పడుతుందో చెప్పలేం. ఆ చిక్కు రాకుండా మిగతా రెండు గేట్లను ముందు పెడతాం. మొదటిదానికి డి, ఎనేబుల్. రెండోదానికి మొదటిదాని అవుట్‌పుట్, ఎనేబుల్. ఒక్క చిప్పుతో డి లాచ్ అయిపోయింది.

లెక్కపెట్టాలంటే ప్రతి క్లాక్‌కూ క్యూ తిరగబడాలి. క్యూబార్‌ను డికి కలిపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కలిపి చూడండి. ఎనేబుల్ 1లో ఉన్నంతసేపూ లాచ్ తెరిచే ఉంటుంది, కాబట్టి తిరగబడిన క్యూ వెంటనే మళ్లీ తిరగబడుతుంది. గేటుకు సుమారు 10 నానోసెకన్లే ఆలస్యం, అందుకే ఈ ఊగులాట కంటికి కనబడదు. ఎల్‌ఈడీ సగం వెలుగుతో మసగ్గా ఉంటే అదే గుర్తు.

దీనికి మందు మాస్టర్-స్లేవ్. కొండ మీద క్యూ కంపార్ట్‌మెంట్‌లో జనాన్ని లోపలికి తీసుకునేటప్పుడు ముందు గేటు మూసే ఉంచుతారు చూడండి, అదే పద్ధతి. రెండు డి లాచ్‌లను వరసగా పెట్టి, స్లేవ్‌కు క్లాక్ నేరుగా, మాస్టర్‌కు ఇన్వర్టర్ గుండా ఇవ్వండి. క్లాక్ 0లో మాస్టర్ డిని చదువుకుంటుంది. 1 కాగానే అది మూసుకుని స్లేవ్ తెరుచుకుంటుంది. ఇప్పుడు క్యూబార్‌ను డికి కలిపినా, క్లాక్ పైకి లేచిన ప్రతిసారీ ఒక్కసారే తిరగబడుతుంది.

ఇలాంటివి నాలుగు పేర్చి, ఒకదాని క్యూబార్‌ను తర్వాతదానికి క్లాక్‌గా ఇస్తే 0 నుంచి 15 దాకా లెక్కపెట్టే రిపుల్ కౌంటర్. పొరపాటున క్యూ ఇస్తే వెనక్కి లెక్కపెడుతుంది. చాలామంది వైరింగంతా పీకేస్తారు, అక్కర్లేదు, ఆ తీగలు మారిస్తే చాలు.

అసలు తంటా 7 నుంచి 8కి వెళ్లేటప్పుడు. మార్పు ఒక్కో మెట్టూ పాకుతుంది కాబట్టి 0111 నేరుగా 1000 కాదు. మధ్యలో 0110, 0100, 0000 వస్తాయి, అంటే 6, 4, 0. మెట్టుకు మూడు గేట్ల ఆలస్యం అనుకుంటే నాలుగు మెట్లకు దాదాపు 120 నానోసెకన్లు. ఎల్‌ఈడీల్లో ఇది తెలియదు. కానీ సున్నాను పట్టే గేటు పెట్టి, దాని అవుట్‌పుట్‌ను ఇంకో కౌంటర్‌కు క్లాక్‌గా ఇచ్చారంటే, ఆ దొంగ సున్నా కూడా లెక్కలో పడుతుంది. అలాంటి చోట అన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లకూ ఒకే క్లాక్ ఇచ్చే సింక్రనస్ కౌంటర్ కట్టాల్సిందే.